సర్వేయరు చెప్పిన నష్ట కారణాన్ని కాదని బీమా కంపెనీకి రాయడం ఎలా?

ప్రశ్న: అయ్యా, మాది కోనసీమ. డ్రెయిన్ పక్కన మాకో కొబ్బరి గోదాము ఉంది. పద్నాలుగేళ్ల కిందట మా నాన్నగారు కట్టించారు. మొన్న అక్టోబరు తుఫాను వానలకు డ్రెయిన్ గట్టుకు గండి పడి గోదాములోకి రెండున్నర అడుగుల నీరు వచ్చింది. నీరు తీసిన మూడో రోజున ఈశాన్య మూల కుంగింది. తూర్పు గోడ పగిలి, ఆ వైపు ట్రస్సు ఒరిగి రేకులు జారిపోయాయి. భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ ఉంది. తడిసిన కురిడీకి 3 లక్షల 10 వేలు ఇచ్చారు. భవనానికి అడిగిన 11 లక్షల 40 వేలు మాత్రం ఇవ్వలేదు. మెరక నేల సర్దుకోవడం, పునాది లోతు చాలకపోవడం, పాత పగుళ్లు కారణమని, వరద కారణం కాదని సర్వేయరు రాశారట. రాజమండ్రి నుంచి ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు గారిని పిలిపించి చూపిస్తే, వరద వల్లే కుంగిందని రెండు పేజీల అభిప్రాయం ఇచ్చారు. దాన్ని జతచేసి కంపెనీకి ఎలా రాయాలి? నైరుతి మూలన ఒక పాత పగులు ఉన్న మాట నిజమే. దాని సంగతి చెప్పాలా, వద్దా? రెండు రిపోర్టులూ, ఎస్టిమేటూ, నీరు వచ్చిన దారి చూపే పటమూ, ఫొటోలూ పంపుతున్నాను.
— ఒక పాఠకుడు, అంబాజీపేట ప్రాంతం

సమాధానం: ఆ ఉత్తరం ఇప్పుడే పంపకండి. మీరు పంపినవన్నీ చూశాక నాకు తోచింది ఏమిటంటే, మీ పక్షాన ఉన్న బలమంతా ఫొటోల్లో ఉంది, ఇంజనీరు గారి రెండు పేజీల్లో లేదు. ఆయన గోదాము చూశారు, వరద వల్లే కుంగిందన్నారు, సంతకం చేశారు. ఎందుకలా అనుకున్నారో మాత్రం రాయలేదు. ఈ కాగితం కంపెనీకి చేరితే అక్కడి అధికారి ముందు రెండు అభిప్రాయాలు ఉంటాయి. ఒకటి లైసెన్సు ఉన్న సర్వేయరుది, రెండోది మీరు డబ్బిచ్చి తెచ్చుకున్న ఇంజనీరుది. రెండూ ఒట్టి అభిప్రాయాలే అయినప్పుడు ఆయన ఏది ఎంచుకుంటారో నేను చెప్పనక్కర్లేదు. సర్వేయరు నిర్ణయం కదలాలంటే దానికి ఎదురు నిర్ణయం చూపితే చాలదు. ఆ నిర్ణయం నిలబడిన మూడు ఆధారాల్లో ఒక్కొక్కటీ మీ స్థలంలో కనిపించే వాస్తవాలతో ఎలా పొసగడం లేదో చూపాలి.

ముందుగా పాలసీ కాగితం తీసి, ఏయే ప్రమాదాలకు రక్షణ ఉందో చెప్పే పట్టిక చూడండి. తుఫాను, వరద, ముంపు అన్నవి ఒక వరుసలో ఉంటాయి. భవనం నిలిచిన నేల కుంగడం, కొండచరియలు విరగడం అన్నవి మరో వరుసలో ఉంటాయి. కొత్త కట్టడం సహజంగా సర్దుకోవడం, మెరక చేసిన నేల కుంగడం లేదా కదలడం, నదీ తీరం కోతకు గురికావడం, డిజైనులో గాని పనితనంలో గాని లోపం ఉండడం వంటి మినహాయింపులు ఈ రెండో వరుసకు ఎదురుగా రాసి ఉంటాయి. వరద వరుసకు ఎదురుగా అవి ఉండవు. మీ సర్వేయరు నష్టాన్ని వరద వరుసలోంచి తీసి నేల కుంగుబాటు వరుసలో పెట్టి, ఆ వరుసకున్న మినహాయింపులతో తోసిపుచ్చారు. కాబట్టి మీ ఉత్తరంలో మొదటి మాట మెరక గురించి కాకూడదు. మీరు క్లెయిము చేస్తున్నది వరద కింద అని, నేల కుంగుబాటు కింద కాదని, సర్వేయరు ఆధారపడిన మినహాయింపులు వరద రక్షణకు చెందినవి కావని క్లాజు సంఖ్యతో సహా రాయండి.

దీనికి తోడు మీకు కలిసొచ్చే విషయం ఒకటి అదే సర్వే రిపోర్టులో ఉంది. సరుకు నష్టం లెక్క కట్టేటప్పుడు గోదాములో 2 అడుగుల 6 అంగుళాల ఎత్తున నీటి మరక ఉందని సర్వేయరే రాసి, ఆ ఎత్తు వరకు పేర్చిన బస్తాలకు పరిహారం సిఫారసు చేశారు, కంపెనీ చెల్లించింది. అంటే వరద వచ్చిందా, ఎంత వచ్చిందన్న వివాదమే లేదు. లోపలికి వచ్చిందని వాళ్లే ఒప్పుకున్న ఆ నీరే గోడను కుంగదీసిందా లేదా అన్నదొక్కటే తేలాలి. నష్టం వరద వల్ల జరిగిందని చూపే బాధ్యత మీది. అది చూపాక, ఫలానా మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేసుకోవలసిన బాధ్యత కంపెనీది. ఈ తేడా ఉత్తరం రాసేటప్పుడు గుర్తుంచుకోండి. లేకపోతే కంపెనీ మోయవలసిన బరువు కూడా మీరే నెత్తికెత్తుకుంటారు.

ఇక గోడ దగ్గరికి వద్దాం. మీ ఇంజనీరు గారు ఈశాన్య మూలన పునాది పక్కన గొయ్యి తవ్వించారు. రిపోర్టులో దాని గురించి ఉన్నది ఒక్క వాక్యం, ‘పునాది కింద కొంత ఖాళీ గమనించడమైనది’ అని. అదే గొయ్యికి మీరు తీసిన దగ్గరి ఫొటోలు చూడండి. పునాదికి అడుగున వేసిన బెడ్ కాంక్రీటు అడుగు అంచు స్పష్టంగా కనిపిస్తోంది. దాని కింద టేపు ప్రకారం సుమారు 7 అంగుళాల సందు ఉంది. అందులోకి దూర్చిన ఇనుప చువ్వ రెండడుగులకు పైగా లోపలికి వెళ్లింది. సందులో మెత్తటి బూడిదరంగు ఒండ్రు, దానిలో చిక్కుకున్న గుర్రపుడెక్క వేళ్లు, ఒక ప్లాస్టిక్ కవరు ముక్క ఉన్నాయి. నా దృష్టిలో ఈ క్లెయిములో ఇంతకు మించిన సాక్ష్యం లేదు. మెరక నేల కుంగితే మట్టి అణిగి కిందికి దిగుతుంది, పునాది దాని మీద కూర్చునే దిగుతుంది, రెండింటి మధ్య సందు ఏర్పడదు. పారే నీరు మట్టిని కోసుకుపోతే మాత్రం మట్టి అక్కడ ఉండదు; ఇటుక గోడ కమానులా కొంత బరువు మోసి నిలబడుతుంది గనుక కుంగిన తర్వాత కూడా ఖాళీ మిగులుతుంది. ఇక డ్రెయినులో పెరిగే గుర్రపుడెక్క నేలకింద నాలుగడుగుల లోతున, బెడ్ కాంక్రీటు అడుగున ఉందంటే, నీరు మోసుకొచ్చి అక్కడ వదిలిందనే తప్ప వేరే విధంగా అర్థం చెప్పడం కష్టం.

అందువల్ల ఇంజనీరు గారిని అనుబంధ నివేదిక ఒకటి అడగండి. ఆ నివేదిక గొయ్యితోనే మొదలు కావాలి. ఈశాన్య మూల గొయ్యిని ఇంకా పూడ్చకపోతే అలాగే ఉంచండి. పూడ్చి ఉంటే, మూల నుంచి నాలుగైదు అడుగులు దక్షిణంగా తూర్పు గోడ వెంటే మరొకటి తవ్వించండి. కుంగని పడమటి గోడ దగ్గర కూడా అదే లోతున ఒకటి తవ్వించాలి. ఈ రెండో గొయ్యి లేకపోతే మొదటిదానికి సగం విలువే ఉంటుంది. తవ్వే రోజును, సమయాన్ని కంపెనీకీ సర్వేయరుకూ కనీసం వారం ముందుగా మెయిలు ద్వారా తెలిపి, వచ్చి చూడమని పిలవండి. వాళ్లు వస్తే చూసింది కాదనలేరు. రాకపోతే పిలిచిన మెయిలు మీ దగ్గర ఉంటుంది. ఈలోగా గోడ మరింత ఒరగకుండా సర్వీ బాదులు పోటు పెట్టించి, వాటి ఖర్చు రసీదులు దాచండి. నష్టం పెరగకుండా చూసుకోవడం పాలసీదారుగా మీ బాధ్యత, అయితే సాక్ష్యం చెరిపేసేంత మరమ్మతు చేయకూడదు.

సర్వేయరు మొదటి ఆధారమైన మెరక సంగతి తీసుకుందాం. కోనసీమలో మెరక చేయకుండా ఇల్లు గాని గోదాము గాని కట్టేవారు ఎంతమంది? స్థలం మెరక చేసిందన్నంత మాత్రాన గోడ కుంగడానికి అదే కారణం అయిపోదు. తేలవలసింది పునాది మెరక మట్టిలోనే ఆగిపోయిందా, దాన్ని దాటి అసలు నేలలోకి దిగిందా అన్నది. మీ ఫొటోలో గొయ్యి పక్కగోడ చూస్తే పైన ఎర్ర గ్రావెల్ పొర, దాని కింద నల్లటి ఒండ్రు బంకమట్టి విడివిడిగా కనిపిస్తున్నాయి. టేపు ప్రకారం ఎర్ర పొర మందం మూడడుగుల లోపు, బెడ్ కాంక్రీటు అడుగు నాలుగడుగుల లోతున ఉంది. అదే నిజమైతే పునాది అసలు నేల మీదే కూర్చుంది, మెరక సర్దుకోవడమన్న వాదం అక్కడే ఆగిపోతుంది. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. డ్రెయిన్ వైపు స్థలాలు సాధారణంగా వాలుగా ఉంటాయి కనుక ఆ వైపు మెరక మందం ఎక్కువ ఉండే అవకాశం ఉంది, సర్వేయరు ఆ మాట తప్పక అంటారు. ఇంజనీరు గారు రెండు గోతుల్లోనూ పొరల మందం, పునాది అడుగు లోతు కొలిచి బొమ్మ గీసి చూపాలి. కొలిచాక తూర్పున మెరక నిజంగానే మందంగా ఉందని తేలినా దాచకండి. మట్టి అణగడం వేరు, కోసుకుపోవడం వేరు అన్న వాదం అప్పుడు కూడా మీకు మిగిలే ఉంటుంది.

రెండో ఆధారం పునాది లోతు. నాలుగడుగుల లోతు మెట్ల పునాది మీద తొమ్మిదంగుళాల గోడతో లేచిన రేకుల గోదాము పద్నాలుగేళ్లుగా కొబ్బరి బస్తాల బరువుతో నిలబడింది. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, డ్రెయిన్ల నీరు లాగక మీ గోదాము చుట్టూ కూడా నీళ్లు నిలిచి ఉంటే, ఆనాటి ఫొటోలు గాని బ్యాంకు తనిఖీ నోట్సు గాని వెతకండి. అప్పుడు నిలిచిన నీటికి చెక్కుచెదరని పునాది ఇప్పుడు కుంగిందంటే ఈసారి వచ్చిన నీటి తీరు వేరని చూపవచ్చు. నిలిచిన నీరు పునాదిని తడుపుతుందే గాని సాధారణంగా తవ్వదు. గండిలోంచి వచ్చిన నీరు పారింది. మీ పటం ప్రకారం గండి ఈశాన్యాన ఉంది, నీరు తూర్పు గోడ వెంట దక్షిణంగా పొలాల్లోకి వెళ్లింది. పారే నీరు కట్టడం మూలను ఢీకొని మలుపు తిరిగే చోట సుడి పుట్టి మట్టిని తవ్వుతుంది, కుంగింది కూడా సరిగ్గా ఆ మూలే. మిగిలిన మూడు గోడలకు ఏమీ కాలేదు గనుక వరద కారణం కాదన్న సర్వేయరు వాక్యానికి జవాబు ఇదే. గండి ఎక్కడ పడింది, ఎంత వెడల్పున పడింది, ఎప్పుడు పూడ్చారు అన్న రికార్డు డ్రెయిన్ల విభాగం దగ్గర ఉండాలి. దాని నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద ఈ రోజే దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది కనుక ఆలస్యం చేయకూడదు.

నీరు తీశాక మూడో రోజున ఎందుకు కుంగిందన్న ప్రశ్న సర్వేయరు ఇంకా వేయలేదు, కానీ వేస్తారు. నీరున్నంతసేపూ గోడకు రెండు వైపులా నీటి ఒత్తిడి ఉంటుంది, మునిగిన భాగం బరువు కొంత తేలుతుంది. నీరు దిగాక ఆ ఆధారం పోతుంది. నానిన మట్టి ఇంకా గట్టిపడదు, కోతకు మిగిలిన అంచులు జారతాయి, ఖాళీ మీద కమానులా నిలిచిన ఇటుక కట్టు అంచెలంచెలుగా విడుతుంది. నివేదికలో ఇంజనీరు గారు ఈ క్రమాన్ని నాలుగు వాక్యాల్లో వివరించకపోతే, ఆ మూడు రోజుల తేడానే కంపెనీ తరఫు న్యాయవాది మొదటి ఆయుధం చేసుకుంటారు.

మూడో ఆధారం పాత పగుళ్లు. ఇక్కడ సర్వేయరు రిపోర్టు మరీ బలహీనంగా ఉంది, ఎందుకంటే ఆయన పగుళ్ల వెడల్పు కొలవలేదు, లోపల చూడలేదు. మీ ఫొటోల్లో తూర్పు గోడ పగులు పై భాగాన వేలు పట్టేంత వెడల్పుగా, కిందికి వచ్చేసరికి వెంట్రుకవాసిగా ఉంది. గోడ చివరి మూల కిందికి దిగితే పగులు పైన వెడల్పుగా విచ్చుకుంటుంది. గోడ మధ్యభాగం దిగితే అడుగున విచ్చుకుంటుంది. మూల దిగిందన్నది దీనితో సరిపోతోంది. వయసు తేల్చడానికి పగులు లోపల టార్చి వేసి చూడాలి. ఇటుక విరిగిన ముఖం ఎర్రగా శుభ్రంగా ఉండి, అంచులు పదునుగా ఉంటే కొత్తది. సున్నం లోపలికి కారి ఉండడం, దుమ్ము, సాలెగూడు, పాచి, అరిగిన అంచులు కనిపిస్తే పాతది. దీన్ని స్కేలు పెట్టి ఫొటో తీయించండి. కుంగుబాటు కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. మేస్త్రీల ట్యూబ్ లెవెల్‌తో ప్లింత్ మీది మొదటి ఇటుక వరుసను గోదాము చుట్టూ ప్రతి పదడుగులకూ ఒకచోట చూస్తే, కట్టిన నాడు సమంగా ఉన్న ఆ వరుస ఎక్కడ ఎన్ని అంగుళాలు దిగిందో అదే చెబుతుంది. ఏళ్ల తరబడి మెల్లగా కుంగుతూ వచ్చిన కట్టడంలో షట్టరు పట్టేయడం, తలుపు చెక్కించుకోవడం, రేకుల అతుకులు విడితే మరమ్మతు చేయించుకోవడం వంటి గుర్తులు ముందే పడి ఉంటాయి. తూర్పు వైపు షట్టరు వరద ముందు రోజు వరకు వాడుకలో ఉందన్న దానికి సరుకు లోడింగు రికార్డు, బ్యాంకు వారు కొద్ది నెలల కిందట తనిఖీకి వచ్చినప్పుడు తీసిన ఫొటోలు అడిగి జతచేయండి. బ్యాంకు ఫొటో మీరు తీసింది కాదు గనుక దానికి విలువ ఎక్కువ.

నైరుతి పగులు సంగతి మీరే చెప్పండి, కంపెనీ చెప్పేదాకా ఆగవద్దు. ఇంజనీరు నివేదికలో దానికి ఒక పేరా ఉండాలి. ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు సిమెంటుతో పూడ్చారు, ఆ పూత ఇప్పుడు మళ్లీ విచ్చుకుందా లేదా, ఆ మూల ప్లింత్ వరుస దిగిందా లేదా అన్నవి అందులో రాయాలి. పూత చెక్కుచెదరకపోతే ఆ పగులు తూర్పు గోడ నష్టంతో సంబంధం లేని వేరే మూలన, వేరే కాలంలో వచ్చి ఆగిపోయినదని తేలుతుంది. అంతేకాదు, పాత పగులు ఎలా ఉంటుందో, కొత్త పగులు ఎలా ఉంటుందో పక్కపక్కన చూపడానికి అదే మీకు నమూనా అవుతుంది. దాని మరమ్మతు ఖర్చు మీ ఎస్టిమేటులో ఉంటే తీసేయండి.

నివేదిక రాసే తీరు గురించి రెండు మాటలు. ఇంజనీరు గారు తమ అర్హత, అనుభవం, స్థలానికి వచ్చిన తేదీలు, అప్పుడు ఎవరెవరు ఉన్నారు, ఏ కాగితాలు చూశారు అన్నవి మొదట చెప్పాలి. సర్వే రిపోర్టు చదివానని స్పష్టంగా రాయాలి. మెరక సర్దుకోవడం, బంకమట్టి ఎండలకు కుంచించుకుపోవడం, నిర్మాణ లోపం, నీటి కోత అన్న నాలుగు కారణాలనూ పరిశీలించి, మొదటి మూడూ ఎందుకు పొసగవో ఒక్కొక్కటిగా చెప్పాలి. చూడలేకపోయినదేదైనా ఉంటే అదీ రాయాలి. పరిమితులు ఒప్పుకున్న నివేదికనే ఎక్కువగా నమ్ముతారు. పాలసీ ప్రకారం క్లెయిము చెల్లించాలి అని మాత్రం ఆయన రాయకూడదు, అది ఇంజనీరు చెప్పే విషయం కాదు. మరమ్మతు పని ఆయనకే గాని ఆయన బంధువులకే గాని ఇవ్వబోమని, ఫీజుకూ క్లెయిము ఫలితానికీ సంబంధం లేదని ఒక వాక్యం చేర్పించండి.

ఉత్తరం కంపెనీకి రాయాలి, సర్వేయరుకు కాదు. ఆయనకు నకలు పంపితే చాలు. బీమా చట్టం 1938లోని 64యూఎం సెక్షనే సర్వేయరు అంచనాకు భిన్నంగా క్లెయిము పరిష్కరించే హక్కు కంపెనీకి ఉంచింది. సర్వేయరు నివేదిక ముఖ్యమైనదే అయినా అదే ఆఖరి మాట కాదని, దాన్ని పక్కన పెట్టకూడదన్నదేమీ లేదని 2009లో న్యూ ఇండియా అస్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండింటికీ ఒక్క పేరా చాలు, ఉత్తరాన్ని తీర్పులతో నింపకండి. దాని నడుమ భాగం దాదాపు ఇలా ఉండవచ్చు:

‘మా గోదాములో 2 అడుగుల 6 అంగుళాల మేర వరద నీరు ప్రవేశించినట్లు మీ సర్వేయరు తమ నివేదికలో నమోదు చేశారు, సరుకు నష్టాన్ని మీరు ఆ మేరకు చెల్లించారు. భవన నష్టాన్ని మాత్రం మెరక నేల సర్దుబాటుగా పేర్కొని తిరస్కరించారు. ఈ నిర్ధారణతో మేము ఏకీభవించడం లేదు. మా క్లెయిము వరద, ముంపు రక్షణ కిందిది. మీరు ఉదహరించిన మినహాయింపులు నేల కుంగుబాటు రక్షణకు సంబంధించినవి.

జతచేసిన ఇంజనీరు నివేదికలో చూపిన విధంగా, ఈశాన్య మూలన బెడ్ కాంక్రీటు కింద ఖాళీ ఏర్పడి ఉంది, అందులో తాజా ఒండ్రు, డ్రెయిన్ కలుపు మొక్కల వేళ్లు ఉన్నాయి. అదే లోతున్న పడమటి పునాది కింద ఖాళీ లేదు. మట్టి సర్దుకోవడం వల్ల పునాది కుంగితే ఈ ఖాళీ ఎలా ఏర్పడుతుందో సర్వే నివేదిక వివరించలేదు. సర్వే సమయంలో పునాది పక్కన గొయ్యి తవ్వి పరిశీలించినట్లుగా గాని, పగుళ్ల వెడల్పు కొలిచినట్లుగా గాని అందులో లేదు.

నైరుతి మూలన ఒక పాత పగులు ఉన్నదని మేమే తెలియజేస్తున్నాము. దానికి సంబంధించిన మొత్తమేదీ ఈ క్లెయిములో లేదు.

కాబట్టి ఇంజనీరు నివేదికలోని అంశాలకు సర్వేయరు నుంచి అంశాలవారీగా రాతపూర్వక వివరణ తీసుకోవలసిందిగా, అవసరమైతే ఉభయుల సమక్షంలో స్థలాన్ని మళ్లీ పరిశీలించవలసిందిగా, తిరస్కరణను పునఃపరిశీలించి కారణాలతో జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.’

పడమటి గొయ్యి ఫలితం నేను ఊహించి రాసింది. తవ్వాక అక్కడ ఏముంటే అదే రాయండి. సర్వేయరు మీద ఆరోపణలు, ఆయన గంటసేపే ఉన్నారనో కంపెనీతో కుమ్మక్కయ్యారనో రాయకండి. గొయ్యి తవ్వలేదు, పగుళ్లు కొలవలేదు అన్న రెండు వాస్తవాలే అంతకన్నా గట్టిగా మాట్లాడతాయి. తెలుగు ఉత్తరంతో పాటు ఇంగ్లీషు ప్రతి కూడా పెట్టండి, ఎందుకంటే నిర్ణయం తీసుకునే అధికారి మీ పట్టణంలోని బ్రాంచిలో ఉండకపోవచ్చు. కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిలు చేసి, అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సరుకు డబ్బు తీసుకున్నప్పుడు పూర్తి, తుది పరిష్కారమని ఉన్న వోచరు మీద సంతకం పెట్టారేమో చూడండి. పెట్టి ఉన్నా హడలిపోనక్కర్లేదు. అలాంటి సంతకం వల్ల ఇంకా రావలసినది అడిగే హక్కు పోదని బీమా నియంత్రణ సంస్థ 2015లోనే కంపెనీలకు చెప్పింది.

ఉత్తరం అందిన నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం మూడింటికీ హైదరాబాదు కార్యాలయమే. తిరస్కరించిన నాటి నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. మీది సొంత వ్యాపారం లేదా సూక్ష్మ సంస్థ అయి, మొత్తం 50 లక్షల లోపు ఉండాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కాగితం ఉంటే జతచేయండి. ఖర్చు ఉండదు, న్యాయవాది కూడా ఉండరు. అయితే సర్వేయరును ప్రశ్నించి సమాధానాలు రాబట్టవలసిన సాంకేతిక వివాదానికి జిల్లా వినియోగదారుల కమిషన్ మేలని నా అభిప్రాయం; దానికి రెండేళ్ల గడువు ఉంది. వ్యాపారం కోసం తీసుకున్న పాలసీ గనుక మీరు వినియోగదారులు కారని కంపెనీ వాదిస్తే, 2023లో సుప్రీంకోర్టు హర్సోలియా మోటార్స్ కేసులో ఆ వాదాన్ని ఒప్పుకోలేదని చెప్పండి. రెండు చోట్లా ఒకేసారి నడపడం మాత్రం కుదరదు.

చివరిగా ఆ 11 లక్షల 40 వేల ఎస్టిమేటు. అందులో ఈశాన్యం వైపు కొత్తగా ఆరడుగుల లోతు పునాది, చుట్టూ ఆర్‌సీసీ ప్లింత్ బీమ్, డ్రెయిన్ వైపు రాతి కట్టు కూడా కలిపి ఉన్నాయి. ఇవి ఉన్నదానికన్నా మెరుగైన నిర్మాణం, పాలసీ ఇచ్చేది ఉన్నది ఉన్నట్లు కట్టించుకోవడానికే. పైగా పునాది లోతు పెంచమని మీ ఎస్టిమేటే అడుగుతోంటే, లోతు చాలలేదన్న సర్వేయరు మాటను మీ కాగితంతోనే ఒప్పుకున్నట్లు అవుతుంది. ఎస్టిమేటును రెండుగా విడగొట్టించండి. పాత కొలతల్లోనే తూర్పు గోడ, ట్రస్సు, రేకులు తిరిగి నిలబెట్టే ఖర్చు ఒకటి, మీరు సొంతంగా చేయించుకోదలచిన అదనపు పని మరొకటి. ఉత్తరానికి మొదటిదే జతచేయండి.